హెల్మెట్లు ఆనుకున్న దృశ్యం

సినిమా చూసేటప్పుడు డైరీ పేజీ మధ్యలో గీత గీసుకుంటాను. ఎడమవైపు విన్నది, కుడివైపు చూసింది రాస్తాను. భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. అంతరిక్షం సినిమా అయితే ఆ గీత తప్పనిసరి.

తమిళనాడు గుడియాత్తంలో మా వీధి మేస్త్రీ కూతురు పదో తరగతి. వేలూరు సైన్సు ప్రదర్శనకు ‘సినిమాలో సైన్సు ఎంత నిజం’ అని చార్టు చేసింది. అక్కడ ఎంపికైతేనే చెన్నైకి వెళ్తుంది. నా డైరీ తెలుగులో ఉంటుంది. ఆ పిల్ల తెలుగు మాట్లాడుతుంది కానీ అక్షరాలు రావు. నేను చదివి చెప్పాను, తను తమిళంలో రాసుకుంది.

మూడు పరీక్షలు. చంద్రుడి మీదున్న మనిషిని భూమి నుంచి ప్రశ్న అడిగితే జవాబు రావడానికి సుమారు రెండున్నర సెకన్లయినా పట్టాలి, వాచీతో చూడు. గాలిలేని చోట దూరంగా జరిగిన పేలుడు మోత వినబడకూడదు. మూడోది నేను చూసిన ఒక సినిమాలోది: గాలిలేని చోటే రేడియో పాడైన వ్యోమగామి మాట పక్కవాడికి వినబడింది, ఇది ‘తప్పు’. ఆ ‘తప్పు’ అన్న మాట ఎర్ర సిరాతో రాయించాను.

ప్రదర్శన రోజు మేమిద్దరం ఎక్కిన బస్సు పళ్ళికొండ దాటాక డైరీ తెరిచాను. నేను చదివి వినిపించింది ఎడమవైపు మాత్రమే. కుడివైపు నా రాతే ఉంది: ‘ఇద్దరూ హెల్మెట్లు ఆనించుకున్నారు.’ హెల్మెట్ లోపల గాలి ఉంటుంది. రెండూ తాకితే శబ్దం గట్టి పదార్థం గుండా పక్క హెల్మెట్‌లోకి పోతుంది. సినిమా తీసినవాళ్లు చూపించిందే సరి.

“పాపా, మూడోది తప్పు కాదమ్మా.”

“యాడ సారూ?”

డైరీ చదివి చెప్పాను.

“అయ్యయ్యో! నాకు తెలుగు చదవను రాదని ఏమార్చినారే!” అని నవ్వింది. మరుక్షణం చార్టు చుట్టను ఒళ్లోకి లాక్కుంది. “కొట్టేస్తే నీటుగా లేదంటారు. కొత్తది రాసేదానికి టైం యాడుండాది? అట్లే వదిలేస్తే ఎవురు కనిపెడతారు సారూ?”

ఎవరూ కనిపెట్టరు అనే మాట నా నోటిదాకా వచ్చింది. వేలూరులో చార్టు చుట్టను తనే పట్టుకుని దిగింది.

హాల్లో బల్ల దొరకగానే ఆ పిల్ల దాని చివర చెవి ఆనించింది.

“ఆ కొసన గోరుతో మెల్లిగా గీకండి సారూ.”

గీకాను. తల ఎత్తి వింది, మళ్లీ చెవి ఆనించి వింది. “ఆనిస్తేనే బాగా వినబడతా ఉండాది” అని పెన్ను తీసి ‘తప్పు’ను అడ్డంగా కొట్టేసింది. పక్కన ‘సరి, హెల్మెట్లు తాకినాయి’ అని తమిళంలో రాసింది.

న్యాయనిర్ణేత ఒకాయన ఆ గీత దగ్గరే ఆగారు. ఎందుకు కొట్టేశావని తమిళంలో అడిగారు.

“మేమే పొరపాటుగా రాసినాం అయ్యా. దృశ్యం సగమే చూసుకున్నాం” అని ఆ పిల్ల తమిళంలోనే చెప్పి, ఆయన చేత బల్లకు చెవి పెట్టించింది. ఆయన రెండుసార్లు గీకించి విన్నారు. ముఖంలో ఏమీ కనబడనీయకుండా రాసుకుని వెళ్లిపోయారు.

సాయంత్రం చెన్నైకి ఎంపికైన మూడు పేర్లు చదివారు. ఆ పిల్ల పేరు లేదు.

నేను ఏదో అనబోయాను. చార్టు చుట్టుకుంటూ తనే అంది: “పోనీ సారూ. రేపు దీన్ని మా క్లాసు గోడకు అంటిస్తా. ఆ కొట్టేసింది కనబడేటట్టే.”