ఒత్తులు పట్టని డబ్బా

మా సుజనక్క కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. చూసినవాళ్లు ఏడ్చిందనుకుంటారు. ఏడవడానికి తీరికెక్కడిది? పొద్దంతా ఫోన్లలో తెలుగు అక్షరాలు చూడడమే ఆమె ఉద్యోగం. నయాపూల్‌లో ఒక బట్టల దుకాణం పైన మా ఆఫీసు. ఎక్కడో బయటి కంపెనీలు తయారుచేసిన ఫోన్ ఆటలను మేం మన భాషల్లోకి మారుస్తాం. మాటలు తెలుగులో రాసేది నేను, స్వీటీని. అవి ఫోన్లో సరిగ్గా కనపడుతున్నాయా లేదా అని చూసేది అక్క. దబీర్‌పురాలోని మా ఇంటి నుంచి అక్కచెల్లెళ్లిద్దరం ఒకే షేర్ ఆటోలో పోతాం, వస్తాం, దారంతా పోట్లాడుకుంటాం.

ఈసారి మా నెత్తిన పడ్డది మిఠాయి అంగడి ఆట. గిరాకీ వచ్చి ఏదో అడుగుతాడు. ఆ మాట తెర అడుగున ఒక డబ్బాలో వస్తుంది. అది చదివి ఆ మిఠాయి తీసివ్వాలి. ఆలస్యమైతే మూతి ముడుచుకొని పోతాడు. చెప్పుకోవడానికి ఇంతే, కానీ దీన్ని తెలుగు చేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మొదట అక్షరాలు కలవనే లేదు. 'లడ్డు' అని రాస్తే ఒత్తు కిందికి పోలేదు. పొల్లు తగిలించుకున్న ఒక డ, దాని పక్కనే ఇంకో డ నిలబడ్డాయి. ఆ ఆటకు ఇంగ్లీషు మాదిరి పక్కపక్కన పేర్చడమే వచ్చు, కింద ఒత్తు పెట్టడం రాదు. "ఫాంటు మార్చి చూడండి" అన్నారు ఆట చేసిన కంపెనీవాళ్లు. అక్షరాలను కలిపే పనిముట్టే ఆటలో లేకపోతే ఏ ఫాంటు పెట్టి ఏం లాభం? అది చెప్పీ చెప్పీ అక్క నోరు నొప్పిపుట్టాక ఆ పనిముట్టు పెట్టారు.

అంతలో ఇంకో లొల్లి. గిరాకీ మాట టైపు కొట్టినట్టు కొంచెం కొంచెంగా తెర మీదికి రావాలట. ముందు 'డ' వచ్చేది, తర్వాత దానికి పొల్లు, తర్వాత అదంతా చెరిగి 'డ్డ'. చూస్తుంటే కళ్లు తిరిగేవి. ఒత్తుతో, గుణింతంతో కలిపి అక్షరమంతా ఒకేసారి వదలమని దాన్నీ బాగు చేయించింది అక్క. ఇక మిగిలింది నా మాటల పొడుగు.

"స్వీటీ, గిది గూడ పట్టలే. కురచ చెయ్."

"మనిషి మాట్లాడే మాటక్కా! జాకెట్ బట్టనా, కత్తిరించనీకి?"

అరికాలి మంట నెత్తికెక్కేది. అయినా కత్తిరించేదాన్ని. ఏడాదిగా ఇదే బతుకు. చివరికి ఆటను కొద్దిమంది కోసం ముందుగా వదిలారు. ఆ రోజు అక్క దాన్ని మా అమ్మ ఫోన్లోకి దించింది. "అమ్మా, మేం జేసిన ఆట. తెలుగులనే ఉంటది, ఆడు" అంది. చాలా రోజులకు అక్క నవ్వడం చూశాను.

మా అమ్మ నీలమ్మ మునిసిపాలిటీలో ఊడ్చే పని చేసి రిటైరైంది. మేం పెద్దయ్యాక చర్చిలో పెద్దవాళ్లకు పెట్టిన క్లాసులో అక్షరాలు నేర్చుకుంది. ప్రతి ఆదివారం స్త్రీల కూడికలో కీర్తన చదివేది ఆమే. జీవితమంతా "ఏయ్, ఇటు ఊడ్వు" అని పిలిపించుకున్న మనిషి. ఆమె నిలబడి చదువుతుంటే అందరూ నోరు మూసుకొని వినడం నాకెంత గర్వమో చెప్పలేను.

రెండు మూడు రోజులు ఆడింది. తర్వాత ఫోన్ పక్కన పడేసింది. అద్దాలు తుడుచుకోవడం, పెట్టుకోవడం, మళ్లీ తుడుచుకోవడం. మేం పట్టించుకోలేదు. శనివారం పాస్టర్ సామ్యూల్ గారు వచ్చి రేపు చదవాల్సిన కీర్తన చెప్పబోతే అమ్మ తలకాయ అడ్డంగా ఊపింది.

"వేరేటోళ్లకు ఇయ్యుండ్రి అయ్యగారూ. నాకు అక్షరాలు పోయినయి."

ఆయన వెళ్లాక అక్క గట్టిగా అడిగింది. అమ్మ ఏడుస్తూ ఆట తెరిచి చూపించింది. "చూడు బిడ్డా, 'లడు' అంట, 'కొబరి' అంట. గిట్లాంటి మాటలు నేనెన్నడు చదవలే. నేను కూడుకునేలోపల గిరాకోడు పోతున్నడు. నేర్సుకున్నదంతా మర్సిపోయిన."

అక్క ఫోన్ లాక్కొని చూసింది. అమ్మది చిన్న తెర ఫోను. అందులో మాట డబ్బాలో పట్టడానికి దానంతటదే చిన్నదై రెండు వరుసలైంది. డబ్బా ఎత్తేమో ఇంగ్లీషు అక్షరాల కొలతకు చేసింది. కింది వరుస ఒత్తులన్నీ డబ్బా అంచు దగ్గర తెగిపోయాయి. ఆఫీసులో మేం చూసినవి పెద్ద తెరలు. పోనీ చిన్నదాంట్లో చూసినా పట్టుకునేవాళ్లమా? ఆ మాటలు మాకు నోటికొచ్చు. ఒత్తు లేకున్నా కన్ను ఉందనుకొని దాటిపోతుంది. అమ్మ అలా కాదు, ఒక్కో అక్షరం కూడుకొని చదివే మనిషి.

అక్క బైబిలు తెచ్చి, ఒక వరుస అడుగుభాగం మీద కాగితం పెట్టి ఒత్తులు మూసింది. "ఇప్పుడు చదువు." అమ్మ తడబడింది. అక్క కాగితం తీసింది. అమ్మ తడబడకుండా చదివింది. "చూసినవా? తప్పు ఆటది, నీది కాదు." అమ్మ కళ్లు తుడుచుకొని, "నా ఫికర్ తగ్గించనీకి చెప్తున్నవు, తియ్" అని లేచిపోయింది. ఆదివారం వెనక వరుసలో కూర్చుంది. కీర్తన వేరే ఆమె చదివింది.

సోమవారం అక్క మా పైఅధికారి అనురాగ్ గారికి చెప్పింది. ఆయన మంచివాడే, ఆయన కళ్లూ అక్క కళ్లలాగే ఎర్రగా ఉంటాయి.

"డబ్బా బొమ్మ అన్ని భాషలకూ ఒక్కటే సుజనా, ఈ విడతలో మార్చరు. నువ్వు రిపోర్టులో చిన్న లోపమని రాస్తే తెలుగు విడుదలవుతుంది. పెద్దదని రాస్తే తెలుగు తీసేసి మిగతావి వదులుతారు. మళ్లీ ఎప్పుడు పెడతారో నేనైతే చెప్పలేను."

అక్షరాలు ఇంకా చిన్నగా చేస్తే అసలు కనపడవు. మాటలు ఇంకా కురచ చేస్తే అర్థమే మిగలదు. వరుసలను దగ్గరికి జరిపితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతున్నాయి. అన్నీ చూసింది అక్క. నేను బతిమాలాను, తిట్టాను కూడా. "చిన్నదని రాయరాదా అక్కా! అందరు అర్థం జేసుకుంటరు. నా ఏడాది కష్టమంత మట్టిల కలుపుతవా?"

"అందరు అర్థం జేసుకుంటరు స్వీటీ. అర్థం గానోళ్లు, తప్పు మాదే అనుకొని ఫోన్ పక్కన పెడ్తరు."

పెద్ద లోపమనే రాసింది. నేను ఆ వారమంతా ఆటోలో ఆమెతో మాట్లాడలేదు.

కొత్త విడత వచ్చింది. సాయంత్రం అమ్మే ఫోన్ పట్టుకొని వచ్చింది. "ఇంగ్లీషొచ్చిందేందే? తెలుగేది?"

అక్క గోడకు ఆనుకొని కూర్చుంది. లేచే ఓపిక కూడా లేనట్టుంది. "తీసేసిండ్రమ్మా. ఒత్తులు తెగుతున్నయని నేనే రాసిన. బాగయ్యేదాంక పెట్టరట."

అమ్మ అద్దాలు సరిచేసుకొని ఆ ఇంగ్లీషు తెరను మళ్లీ చూసింది. "అంటే తప్పు నిజంగనే గీ ఆటదా? కంపెనోళ్లు గూడ ఒప్పుకున్నరా?"

"ఒప్పుకున్నరు."

"మరి గప్పుడు నువ్వు చెప్తే నమ్మకపోతిని గదనే!" అంది. ఫోన్ నా చేతికిచ్చింది. "ఇంగ్లీషు రాదని నాకెర్కనే, దానికి బాధ లేదు. తెలుగు పోయిందనుకున్న, దానికే ఏడ్చిన."

నా మాట ఒక్కటి కూడా మిగల్లేదు ఆ ఆటలో. కోపం పోలేదు, కానీ అది ఎవరి మీదో తెలియలేదు. అమ్మ లోపలికి పోయి బైబిలు తెచ్చుకొని, పాస్టర్ గారికి ఫోన్ కలపమంది. అక్క కలిపింది.

"అయ్యగారూ, ఆదివారం కీర్తన నేనే చదువుత. పొడుగుది ఇయ్యుండ్రి."