సాయంత్రంలోగా మేమే ఫోన్ చేస్తాం

చీపురుపల్లిలో మా నాన్నకు కుట్టుమిషన్లు బాగుచేసే చిన్న షాపు ఉండేది. పనిలో ఉంటే ఫోన్ ఎత్తలేకపోయేవారు. అందుకని షాపు నంబరుకి వాయిస్ మెయిల్ పెట్టించి, ఆయన పలకాల్సిన మాటలు నేనే కాగితం మీద రాసిచ్చాను.

“నమస్కారం. షాపు ఉదయం తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది వరకు తెరిచి ఉంటుంది. ఆదివారం సెలవు. బీప్ వినిపించాక మీ పేరు, పని చెప్పండి. సాయంత్రంలోగా మేమే ఫోన్ చేస్తాం.”

నాన్న చివరి మాట దగ్గర ఆగారు. “సేస్తామని సెప్పీసినాక సెయ్యాలి కదే,” అన్నారు. అయినా గొంతు సవరించుకుని, బడిలో పద్యం అప్పజెప్పినట్టు నిలబడి రికార్డు చేశారు.

మొదటి ఆదివారమే ఒకామె మెసేజ్ పెట్టింది. మిషను ఆగిపోయిందట, మర్నాటికి పెళ్లి జాకెట్లు ఇవ్వాలట. నాన్న ఆ నంబరుకి ఫోన్ చేస్తే ఎవరో మగమనిషి ఎత్తాడు. “మా ఊరి టైలరమ్మ బావూ. మీ షాపు మూసుందని బస్టాండులో నా ఫోన్ తీసుకుని సేసింది. ఇంటికెల్లిపోనాది,” అని ఊరి పేరు చెప్పాడు.

నాన్న పనిముట్ల సంచీ తీశారు.

“ఆదివారం సెలవని సెప్పాం కదా నాన్నా!”

“సాయంత్రంలోగా అన్నాం. ఆదివారం తప్పించి అనలేదు కదే,” అంటూ స్కూటరెక్కారు.

పొద్దుగూకే వేళకి చేతులకు మిషను నూనెతో తిరిగొచ్చారు. “ఫోన్ సేస్తానని మనిసే వచ్చీసినారేటి, అని నవ్వేసిందే ఆవిడ,” అన్నారు. నాన్న ముఖంలో అంత సిగ్గు నేను అంతకుముందు చూడలేదు.