చేపల్లేని చెరువుకు రెండు సవరణలు

పెర్సిస్ ఏలూరులో జీవశాస్త్రం టీచరు. సైన్స్ ప్రదర్శనలకు జడ్జిగా పిలిస్తే కాదనదు. పిల్లల స్లైడ్లను మొదటిసారి పెన్ను పట్టుకోకుండా చూస్తుంది. రెండోసారి చూశాకే రాస్తుంది. ముందు ఆ పిల్ల పనిలో తాను నిజంగా చూసిన మంచి, తర్వాత రెండు సవరణలు. రెండూ ఆ పిల్ల ఇంటి దగ్గరున్న వస్తువులతో చేయగలిగినవై ఉండాలి. మూడోది తోచినా రాయదు.

తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ పెట్టిన ప్రదర్శనలో ఆమెకు తేజశ్రీ స్లైడ్లు వచ్చాయి. కొల్లేటి లంక ఊరి పిల్ల, తొమ్మిదో తరగతి. రెండు చెరువుల నీళ్లలో ప్రాణవాయువు ఎంతుందో కొలిచింది. ఒకదాంట్లో చేపలున్నాయి. రెండోది ఖాళీ. అయినా గ్రాఫులో రెండు గీతలూ పక్కపక్కనే అడుగున పాకుతున్నాయి. చివరి స్లైడులో బూడిదరంగు నీళ్ల ఫొటో, మధ్యలో బుడగల వరస. కింద ఒకే వాక్యం: ‘ఖాళీ చెరువులో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.’

తోటి జడ్జి వెస్లీ ఆ కాలేజీలోనే లెక్చరరు. మూఢనమ్మకమని రాసి పక్కన పెట్టేద్దామన్నాడు. పెర్సిస్ ఒప్పుకోలేదు. పిల్లతో మాట్లాడి వస్తానంది.

తేజశ్రీ తన బల్ల దగ్గర నిలబడే ఉంది. నీటి కిట్టు తీసి చూపించింది. నీలిరంగు పోయేదాకా ఎన్ని చుక్కలు పడితే అంత ప్రాణవాయువు అని తడబడకుండా చెప్పింది. ఎప్పుడు కొలిచావని అడిగితే, తెల్లారకముందేనండీ అంది. చెరువుల మీద బతికేవాళ్లంతా అప్పుడే చూస్తారు. చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలేది ఆ వేళకే. పగలు చూడాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

“ఆ ఖాళీ చెరువు ఎవరిదమ్మా?”

“మాదేనండీ. నీళ్లు చిలికే ఏరేటరు ఒడ్డుకి లాగుతా మా నాన్న అందులోనే పోయారండీ. అప్పట్నించీ చేపపిల్లల్ని వెయ్యలేదు.”

పిల్లే మళ్లీ అంది.

“బడి పనంటే మా నాయనమ్మ వెళ్లనిస్తందండీ. మీరు ఇదంతా తప్పని రాస్తే ఇంక ఆ గట్టు ఎక్కనివ్వదు. అప్పుడు నిజమేంటో నాకు తెలవదు గదండీ.”

చుట్టూ పిల్లలు, మోటార్ల చప్పుడు, వైర్ల వాసన. పెర్సిస్ మాత్రం ఆ ఫొటో దగ్గరే కాసేపు ఆగింది. బుడగలు నీటి మధ్య నుంచి గట్టు వైపు, ఫొటో తీసిన మనిషి వైపు వచ్చినట్టున్నాయి.

తిరిగి వచ్చి ఇలా రాసింది:

‘కొలిచిన ప్రతిసారీ ఒకే చోట, ఒకే లోతులో నీరు తీశావు. కొలవని రోజుల్ని ఊహతో పూరించకుండా ఖాళీగానే ఉంచావు. చాలామంది పెద్దలు కూడా అలా ఉంచరు. ఈ పని ఆపకు. మొదటి సవరణ: మధ్యాహ్నం ఎండలో కూడా కొలువు. ఎండ ఉన్నంతసేపు నీటిలోని నాచు ప్రాణవాయువు ఇస్తుంది, చీకట్లో అదే పీల్చుకుంటుంది. అది తగ్గినప్పుడు మాత్రమే నువ్వు చూశావు. రెండో సవరణ: చివరి వాక్యం నువ్వు చూసింది కాదు, అనుకున్నది. చూసినదానికి ఒక గడి, అనుకున్నదానికి ఒక గడి పెట్టు. అనుకున్నదాన్ని పరీక్షించడానికి, పొద్దు గుంకే వేళ చెరువు నీరు కొలిచి, అదే నీటిని గాలి బుడగ లేకుండా సీసా నిండా పట్టి, మూత బిగించి, నల్లగుడ్డ చుట్టి చెరువులోనే వేలాడదియ్యి. తెల్లారి సీసానీ చెరువునీ కొలువు. సీసాకన్నా చెరువులో ఎక్కువ తగ్గితే, ఆ తేడాలో అడుగు బురద వాటా చాలా ఉంటుంది.’

వెస్లీ చదివి, ఇంత ఓపిక ఎక్కడిదండీ మీకు అన్నాడు. సంతకం పెట్టాడు.

కొన్ని వారాలకు పెర్సిస్ ఫోనుకు తేజశ్రీ సైన్సు టీచరు కొత్త స్లైడ్లు పంపారు. మధ్యాహ్నపు గీత నిటారుగా పైకి లేచింది. రాత్రి సీసాలో కొంచెమే తగ్గింది. చెరువులో చాలా తగ్గింది. కాబట్టి ఎక్కువ పీల్చుకుంటున్నది అడుగే. బురద కుళ్లితే అంతే. బుడగలూ ఆ కుళ్లు వాయువే. ఇందులో పెర్సిస్‌కు అనుమానం లేదు.

చివరి స్లైడులో మళ్లీ ఫొటో. కర్రకు వేలాడుతున్న తాడు, నీళ్లలో నల్లగుడ్డ అంచు. ‘చూసింది’ అన్న గడిలో ఇలా ఉంది: ‘సీసాను రోజూ ఒక్కో చోట కట్టాను. బుడగలు రోజూ సీసా కిందికే వచ్చాయి.’ ‘అనుకున్నది’ అన్న గడి ఖాళీగా ఉంది.

పెర్సిస్ అలవాటు ప్రకారం రెండోసారి చూసింది. ఖాళీ గడిని మెచ్చుకుంటూ రెండు మాటలు రాసింది. తర్వాత సవరణలు. మొదటిది: సీసా లేని చోట కూడా అంతేసేపు కాపలా కాసి బుడగలు వస్తాయేమో చూడు.

రెండోది రాయడానికి చాలాసేపు పట్టింది.

‘గట్టు మీదికి ఒంటరిగా వెళ్లకు. నాయనమ్మను వెంట తీసుకెళ్లు.’