ఒకే మూకుడు, నా రెండు రాతలు

ఆన్‌లైన్‌లో అమ్మే వంటసామాన్ల బొమ్మ కింద నాలుగు ముక్కలు రాసే ఉద్యోగం నాది. ఆఫీసు సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో. అవెవరూ చదవరని చాలామంది నన్ను ఓదారుస్తుంటారు. చదువుతారు, అదే నా ఖర్మ.

ఒకసారి ఒక మూకుడు వచ్చింది. అల్యూమినియం మీద అంటుకోని పూత, అడుగున ఇండక్షన్ కోసం స్టీలు బిళ్ల, ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు. ఒకే ఫ్యాక్టరీలో తయారై, రెండు కంపెనీ పేర్లతో, రెండు రకాల పెట్టెల్లో అమ్మకానికి వచ్చింది. రెండింటికీ నేనే రాయాలి. కొలతలు మార్చకూడదు, అబద్ధం ఆడకూడదు. ఏది ముందు చెప్పాలి, ఏది వెనక్కి నెట్టాలి అన్నదే మా చేతిలో ఉంటుంది.

ఖరీదైనదానికి ఇలా రాశాను: ‘పొగమంచు రంగు. పొయ్యి మీంచి నేరుగా భోజనాల బల్ల మీదికి వచ్చే సొగసు. చెక్క గరిటెతో మెల్లగా కలపండి, ఈ నునుపు ఏళ్ల తరబడి మీ వెంట ఉంటుంది.’ సెంటీమీటర్ల సంగతి అట్టడుగున. చవకదానికి ఇలా: ‘ఐదుగురికి సరిపడా కూర ఒకేసారి. గ్యాస్ మీదా, ఇండక్షన్ మీదా పనిచేస్తుంది. నూనె తక్కువ, కడగడం తేలిక. రోజూ వాడకానికి గట్టిది.’ ఇందులోనూ చెక్క గరిటె మాట మొదట పైనే పెట్టాను. మా సూపర్‌వైజరు చూసి, “చవకలో కొనేవాళ్లకి ముందే షరతులు పెడితే పారిపోతారు, కిందికి తొయ్యి” అన్నాడు. గంగిరెద్దులా తలూపి, అట్టడుగున ఉండే కొలతల పట్టికలో చివరి గడిలోకి తోశాను.

ఆ చవక మూకుడే మా ఇంటికి తెప్పించాను. మాది ఓడరేవు పక్కనే, వాట్‌గంజ్. నాన్న డాక్‌లో పనిచేసేవాడు. అమ్మ పద్నాలుగేళ్లుగా అలీపూర్‌లో ఒక ఇంట్లో వంట చేస్తోంది. పెట్టె విప్పుతూ, “ఏటి రాసినావో సదువు” అంది. నా గొప్ప చూపించుకోవాలిగా, పై ముక్కలన్నీ తెలుగు చేసి చదివాను. పట్టిక దాకా పోలేదు. అమ్మకు సంబరమైంది. “గట్టిదంటే గట్టిదే గదా” అని స్టీలు గరిటెతో పోపు వేసింది.

రెండు రోజులకే అలీపూర్ ఇంట్లోకి ఖరీదైన మూకుడు వచ్చింది. అమ్మ దాన్ని ఎత్తి చూడగానే పోల్చుకుంది. అక్కడా స్టీలు గరిటే తిప్పింది. సాయంత్రానికి పూత మీద గీతలు కనిపించాయి. ఇంటావిడ అడిగితే, ఆవిడని బెంగాలీలో బౌది, అంటే వదినా, అని పిలిచే అమ్మ భయపడలేదు. “ఏమీ కాదు బౌది, గట్టిదే. మా ఇంట్లోనూ ఇదే ఉంది” అంది.

గీతలు పడ్డందుకు ఆవిడకి అంత కోపం రాలేదట. ‘ఇదే’ అన్నందుకు వచ్చింది. ఫోన్ తీసి పొగమంచూ, సొగసూ, చెక్క గరిటే అన్నీ గట్టిగా చదివి వినిపించిందట. అవి తన కూతురు రాసిన మాటలేనని అమ్మకేం తెలుసు! మర్నాటినుంచి రావద్దంది.

ఆ ఆదివారం అమ్మ మా మూకుడును నా ముందు బోర్లించింది. “ఒలే, అడుగున అవే మూడు చుట్లు, పిడికి అవే రెండు మేకులు. నీకు తెలుస్తాది, ఒకటేనా కాదా? ఒకటేనంటే ఎల్లి బౌదికి చెప్తాను, నాను అబద్ధం ఆడనేదని.”

ఆ రెండు పేర్ల సంగతి బయట చెప్పనని ఆఫీసులో సంతకం పెట్టి ఉన్నాను. ఉద్యోగం పోతుందని భయం వేసింది. రెండూ నేనే రాశానని చెప్పడానికి సిగ్గు కూడా వేసింది, ఇప్పుడు దాచడమెందుకు.

“కాదమ్మా” అన్నాను. “చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. లోపల సరుకు వేరు.”

నమ్మేలా చెప్పడమే కదా నాకొచ్చిన విద్య. అమ్మ ఆ చుట్ల మీద బొటనవేలు ఆనించి ఒకసారి చుట్టూ తిప్పింది. “అయితే నా కళ్లే పోనాయన్నమాట” అంది. మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆవిడకి క్షమాపణ చెప్పుకుంది. అప్పటికే అక్కడ వేరే వంటమనిషి కుదిరిపోయింది.

వేలితో ఒక్క దెబ్బ కొట్టి, మోతను బట్టి గిన్నె ఏ లోహమో చెప్పే మనిషి మా అమ్మ. ఇప్పుడు బజారులో ఏది కొనబోయినా నా చేతికిస్తుంది. “నువ్వు సూడే. నాకు తెలీదు” అంటుంది.