రాబడి అని రాసిన చోట

నలభై దాటాక నాకు అక్షరాలు వచ్చాయి. వయోజన విద్య క్లాసులో కూడబలుక్కుని చదవడం నేర్చుకున్న కొన్నాళ్ళకే తిరుపతిలో ఒక వారపత్రిక అచ్చయ్యే ప్రెస్సులో పని దొరికింది. రాతప్రతిని నేను పైకి చదవాలి. పెద్దాయన ఒకరు వింటూ ప్రూఫులో తప్పులు పట్టాలి. నా చదువు ఎడ్లబండి నడకలా ఉందని కంపోజింగు వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయనకు మాత్రం ఆ నెమ్మదే కావాలి.

డబ్బు సంగతులు రాసే పేజీ వస్తే ఆయన పెన్సిలు ఒక్కో మాట దగ్గరా ఆగిపోయేది, ఓ పట్టాన ముందుకు కదిలేది కాదు. కారణం ప్రెస్సులో అందరికీ తెలుసు. నేను చేరకముందు ఒక ఫైనాన్సు కంపెనీ గురించి వ్యాసం వచ్చిందట. ఒకే పేరాలో 'డిపాజిట్లు' అన్న మాట పదే పదే పడుతోందని, వినడానికి బాగాలేదని, ఆయన ఒకచోట దాన్ని కొట్టేసి 'రాబడి' అని మార్చాడు. కంపెనీ రాబడి బాగా పెరిగిందని అచ్చయింది. అంత రాబడి ఉన్న కంపెనీ మునిగిపోదులే అనుకుని, పెద్దాయన సొంత చెల్లెలే, బస్టాండు పక్కన ఇడ్లీలు అమ్ముకునే ఆమె, తాను దాచుకున్నదంతా తీసుకుపోయి అందులో కట్టింది. కంపెనీ బోర్డు తిప్పేసింది. ఆమె అన్నను పల్లెత్తు మాట అనలేదు. రోజూ మధ్యాహ్నం క్యారియరు తెచ్చి, ఆయన తినేదాకా గుమ్మం పక్కన కూర్చునేది. తలెత్తకుండా తినేవాడు ఆయన. ఆమె వెళ్ళిపోయాక కూడా ఆ గుమ్మం వైపు చూడడానికి నాకు భయమేసేది.

ఒకసారి చిత్తూరులో ఇంకో ఫైనాన్సు కంపెనీ గురించి వ్యాసం వచ్చింది. రాసింది కాలేజీలో కామర్స్ చెప్పే అయ్యవారు. 'సంస్థ రాబడి ఏడాదిలో రెట్టింపైంది' అని నేను చదవగానే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. అయ్యవారు అక్కడే ఉన్నాడు.

"అయ్యవారూ, ఈ రెట్టింపైంది యాడిది? అప్పుల మీద వచ్చిన వడ్డీనా, జనం కట్టిందా?"

"జనం కట్టిందే సార్. పై లైన్లోనే పొదుపు అని వేసినా కదా. మళ్ళీ అదే మాటంటే చదివేవాళ్ళకు యిసుగు పుడతాది."

"పుట్టనీలేప్పా. యిసుక్కుంటే పేపరు మడిచి పెడతారు, అంతే గదా."

నాకు అర్థం కాక, "అంతా దుడ్డే కదా సార్?" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "దుడ్డే తల్లీ. ఎవురిదనేదే మాట. కంపెనీ పెట్టినోళ్ళు వాళ్ళ జోబీలోంచి వేసింది మూలధనం. నీలాంటోళ్ళు తినకుండా దాచి కట్టింది పొదుపు. అది కంపెనీకి అప్పు, తిరిగి ఇయ్యాల్సిందే. రెండూ కలిపి బయట అప్పులియ్యడానికి చేతిలో ఉండేది నిధులు. ఆ అప్పుల మీద వచ్చే వడ్డీ ఉండాదే, అదొక్కటే రాబడి."

"సరే సార్, పొదుపనే వేసుకోండి," అన్నాడు అయ్యవారు. "నాకేం గొడవ లేదు."

పెద్దాయన 'రాబడి' కొట్టేసి 'ప్రజల పొదుపు' అని రాశాడు. పక్కనే ఇంకో వాక్యం చేర్చాడు: 'ఇది సంస్థ సంపాదన కాదు, అడిగిన నాడు తిరిగి ఇవ్వవలసిన సొమ్ము.' నా చేత దాన్ని రెండోసారి చదివించుకున్నాడు. ఆ పూట ఆయన అన్నం పూర్తిగా తినడం చూశాను.

పేజీ కట్టేటప్పుడు నగల అంగడి ప్రకటన ఒకటి వచ్చి పడింది. చోటు చాలలేదు. ప్రెస్సు ఓనరు పేరా చివరి వాక్యం, పెద్దాయన చేర్చినదే, తీసేయించాడు. అచ్చయ్యాక గాని మాకు తెలియలేదు. పెద్దాయన ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "మాటన్నా సరైంది పడింది," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

తర్వాతి వారం చెల్లెలు క్యారియరు పెట్టి, ఎన్నడూ లేనిది నోరు విప్పింది.

"అన్నా, ఆ చిత్తూరు కంపెనీలో జనం పొదుపు రెట్టింపైందని నీ పేపర్లో వేసినారంట గదా. మా అంగడి కాడ అందురూ అదే మాట. ఊరంతా ఆడ పొదుపు చేసుకుంటా ఉంటే మనమే ఎర్రిమొగాలమా? ఈడ కూడా బ్రాంచి తెరిచినారు. చేతిలో ఉండే కొంచెం నేనూ కట్టేసి వచ్చినా."

"ఎందుకే కట్టినావు?"

"నువ్వు రాసినదాన్ని నమ్మకపోతే నేనింకెవుర్ని నమ్మాల?"

ఆమె నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. పెద్దాయన క్యారియరు మూత తీయలేదు. కొత్త ప్రూఫు ముందుకు లాక్కుని, "చదువమ్మా," అన్నాడు నాతో. చదివాను. ఆయన పెన్సిలు ఎక్కడా ఆగలేదు, ఎక్కడా గీత పడలేదు. ఆయన వింటున్నాడో లేదో నాకు తెలియలేదు. గుమ్మం దగ్గర ఆమె, ఆయన తినేదాకా, కూర్చునే ఉంది.