జాలీ తీసేశాక మిగిలిన నీడ

మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఉన్న లేజర్ ఒకసారి కిటికీలోంచి దూసుకుపోయి, ఆకాశంలో ఎగిరే గాలిపటం మాంజాను పుటుక్కున తెంపిందని ప్రతి ఏడూ కొత్త పిల్లలకు చెబుతాను. నోళ్లు తెరుచుకుని వింటారు. నిజానికది గోడ మీద బొట్టుబిళ్లంత ఎర్రచుక్కను చూపడం తప్ప మరేమీ చేతకాని దీపం. నేను ఆ ల్యాబులో అసిస్టెంటును. కటకాలు తుడవడం, వాటిని వరసలో నిలపడం, నా సరదా కోసం అబద్ధాలు చెప్పడం నా పని.

ఇప్పుడు రాసేదాంట్లో మాత్రం నేను కలిపిందేమీ లేదు. కలపొద్దని మా వదిన ఒట్టు వేయించుకుంది.

మేం బతకడానికి వలస వచ్చిన హిందీ మాటల ఊళ్లో, ఉన్ అనే పేటలో, మా అన్న ఒక మగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. ఒక రాత్రి పాళీలో, అంటే నైట్ షిఫ్టులో, మగ్గాల మధ్య గుండె ఆగి పడిపోయాడు. ఆ చప్పుడులో ఎవరికీ తెలియలేదు. తెల్లారి పాళీ వాళ్లు వచ్చేదాకా అలాగే ఉన్నాడట. అప్పటికి మా అన్న కొడుకు ఇంకా నడక నేర్వలేదు. ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ వరద నీళ్లలో నానిపోగా, అన్నది ఒకే ఒక్క నెగటివ్ మిగిలింది, అదీ నా దగ్గర ఉండబట్టి. పోయే ముందు నెల, అడిగి తెచ్చుకున్న కెమెరాతో షెడ్డు బయట నిలబడి నేను తీసిందే. లోపల కిటికీ దగ్గర అన్న. కిటికీకి సన్నటి నిలువు తీగల జాలీ. అన్న ముఖం నిండా గీతలే.

ఆ ఫోటోలో ఇంకొకటి ఉంది. అన్న కుడివైపు, ట్యూబ్‌లైట్ వెలుగు పడే సున్నపు గోడ ముందు, సన్నగా పొడుగ్గా ఒక నల్లటి నీడ. పైన తలలాంటి గుండ్రటి మచ్చ.

"అత్తమ్మ," అంది వదిన మొదటిసారి చూసినప్పుడే. మా అమ్మ అప్పటికే లేదు. బతికున్నప్పుడు అలాగే సన్నగా, కొడుకు పక్కన మాట్లాడకుండా నిలబడేది. "ముందుగాలే వచ్చి నిలవడ్డది. ఆయిన ఒక్కడే పోలె మరిదీ. పక్కకు తల్లి ఉండె."

ఇరవై ఏళ్లకు పైగా వదిన ఆ మాట మీదే బతికింది. ఆ రాత్రి అన్న ఎంతసేపు అలా పడి ఉన్నాడో అని ఆలోచన వచ్చినప్పుడల్లా, ఆ నీడను తలుచుకుని నిద్రపోయేది.

ఈ మధ్య మా అన్న కొడుకు ఈ ఊళ్లోనే ఆల్థాన్ అనే పేటలో ఫ్లాట్ తీసుకున్నాడు. హాల్లో తండ్రి ఫోటో పెద్దది చేయించి పెట్టాలని వాడి కోరిక. జాలీ లేకుండా. నీడ కూడా లేకుండా. వచ్చినవాళ్లందరూ ముఖం వదిలేసి దయ్యాన్ని చూస్తారని వాడి బాధ. ఫోన్లో ఏదో ఆప్‌లో వేసి తల్లికి చూపించాడు.

"దేఖో మమ్మీ, ఏక్‌దమ్ సాఫ్ అయింది."

వదిన ఫోన్ దగ్గరికి పెట్టుకుని చూసింది. "గీనె ఎవడ్రా? మీ నాయినకు గిన్ని పండ్లు ఎప్పుడున్నయి? ముందట పన్ను సగమిరిగి ఉండె. సినిమాలోన్ని తెచ్చి కూసోవెట్టినవ్."

"అరే మమ్మీ, ఆప్ అందాజా చేస్తది. కనపడని దాన్ని తనే గీస్తది."

"అందాజకు మొగన్ని తయారు జేస్తదా?"

వదిన నావైపు తిరిగింది. "మరిదీ, నీ కాలేజీల ఏదో ఉంటదంటివి గదా. ఏం కలపకుండ, తీసుడు మాత్రమే చేసేది."

ఉంది. రెండు కటకాల ఏర్పాటు. మూడో సంవత్సరం పిల్లలకు ఏటా చూపిస్తాం. వెలుగు దారిలో అడ్డం పెట్టడమే తప్ప, లేనిదాన్ని గీయడం దానికి చేతకాదు.

"జాలీ పోతది. నీడ మనిషిదైతే ఉంటది," అన్నాను.

"ఉంటది," అంది వదిన. కొడుకు పోతుందని, తల్లి ఉంటుందని. ఇద్దరూ ఆ పందెం మీదే ల్యాబుకు వచ్చారు. సెలవు రోజున మా ఫిజిక్స్ మేడం ల్యాబు తాళం ఇచ్చింది.

కిటికీలు మూసి లేజర్ వేశాను. మొదట కిరణాన్ని కడగాలి. చిన్న మైక్రోస్కోపు కటకంతో దాన్ని విప్పి గోడ మీద పరిస్తే, ఎర్రటి వెలుగులో గుండ్రటి వలయాలు, ఒకదాని పక్కన ఒకటి, రెప్ప వేయకుండా చూస్తున్నాయి.

వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఎవలియి గిన్ని కండ్లు?"

"దుమ్ము వదినా. అద్దాల మీద ఉన్న రేణువుల పని."

కటకం వెలుగును ఎక్కడ ఒక బిందువుకు కుదిస్తుందో సరిగ్గా అక్కడ, సూదిమొన కన్నా సన్నటి రంధ్రమున్న రేకు పెట్టాలి. శుభ్రమైన వెలుగు ఆ బిందువులోంచి పోతుంది. దుమ్ము చెదరగొట్టిన వెలుగు ఆ బిందువుకు చేరదు, పక్కకు పడి రేకు మీదే ఆగిపోతుంది. మరలు తిప్పుతూ రంధ్రాన్ని ఆ బిందువు మీదికి తెచ్చాను. ముందు అంతా చీకటి. తర్వాత మసక. అటు తర్వాత ఒక్కసారిగా, మచ్చలేని ఎర్రటి వెలుగు. ఇంకో కటకంతో దాన్ని సమాంతరంగా చేశాను.

"కండ్లు మూసుకున్నయి," అంది వదిన మెల్లగా.

నెగటివ్‌ను తలకిందులుగా బిగించాను. ఈ ఏర్పాటు బొమ్మను తిరగేస్తుంది కాబట్టి, తెర మీద అన్న నిటారుగా నిలబడ్డాడు. నెగటివ్ కావడం వల్ల అన్న ముఖం నల్లగా, జుట్టు తెల్లగా ఉంది. ఫోటోలో నల్లగా కనిపించే ఆ నీడ, ఇక్కడ అన్న పక్కన తెల్లగా వెలుగుతోంది.

మా వాడు కుర్చీలో వెనక్కి జరిగాడు.

రెండు కటకాల మధ్యలో ఒకచోట బొమ్మ ఉండదు, చుక్కలే ఉంటాయి. మొదటి కటకం బొమ్మను విప్పి అక్కడ పరుస్తుంది. ముఖం, గోడ, భుజం వంటి మెత్తటి మార్పులన్నీ నడిమి చుక్క చుట్టూ మూగుతాయి. జాలీలా దగ్గరదగ్గరగా అదేపనిగా వచ్చే గీతలైతే దూరంగా, అటూ ఇటూ, చుక్కల వరసగా పడతాయి. రెండో కటకం అన్నింటినీ మళ్లీ బొమ్మగా కూరుస్తుంది. మధ్యలో ఏ చుక్కను ఆపితే అది బొమ్మలోకి రాదు. నేను చేయాల్సింది నడిమి భాగాన్ని మాత్రం వదిలే రంధ్రమున్న నల్ల అట్టను అక్కడ పెట్టడం.

పెట్టాను.

జాలీ పోయింది. ఒక్క తీగ లేదు. అన్న మనకూ తనకూ మధ్య ఏమీ లేనట్టు నిలబడ్డాడు. సగం విరిగిన పన్ను కూడా ఉంది.

నీడ పోలేదు. గీతల గొడవ లేకపోయేసరికి ఇంతకుముందు కన్నా స్పష్టంగా ఉంది.

"చూసినవా!" అంది వదిన కొడుకుతో. "అత్తమ్మ ఏడికి పోలే. నేను పిచ్చిదాన్నంటివి గదా?"

నేనూ ఒక క్షణం నమ్మిన మాట నిజం. జీవితమంతా దయ్యాల కథలు చెప్పినవాణ్ణి, ఒక్కదాన్ని కూడా చూడలేదు.

అంతలో నడిమి చుక్కను భూతద్దంతో చూశాను. అలవాటు కొద్దీ. చుక్కకు అటొకటి, ఇటొకటి, వెంట్రుకంత దూరంలో, రెండు చిన్న చుక్కలు అంటుకున్నట్టున్నాయి. మనిషి ఆకారం అలా రెండు ముక్కలుగా నిలబడదు, పొగలా చెదురుతుంది. విడిగా జంట చుక్కలు కనిపించాయంటే అది క్రమం తప్పకుండా తిరిగి తిరిగి వచ్చే చారల వెలుగే.

"అయిపాయెనా మరిదీ? ఇంకేమన్న తీసేదుందా?"

లేదు అనడం నాకు ఎంత తేలిక! కానీ వదిన ముఖం చూశాక నా నోరు ఎప్పుడూ పోని దారిన పోయింది.

"ఉంది," అన్నాను. "ఆ కిటికీకి జాలీలు రెండు వదినా. గోడకు బయట ఒకటి, లోపల ఒకటి. ఒకటి కొంచెం దూరం, ఒకటి దగ్గర. అందుకే కెమెరాకు వాటి తీగల ఎడం ఒక్కతీరుగా పడలె. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు పెద్ద పెద్ద నీడలు కదుల్తయి చూడు, గసుంటిది. అది నిజంగనే ఫోటోల పడ్డది. జాలీ తీసినా అందుకే పోలె."

వదిన తెర వైపు వేలు చూపింది. "తీసి చూపెట్టు."

"వద్దు కాకా," అన్నాడు మా వాడు. నీడ పోవాలని వచ్చినవాడే. "రెహనే దో. గట్లనే ఉండనియ్."

"తియ్యి అంటున్న గదా."

పాత చార్జర్ వైరులోంచి రెండు రాగి పోచలు లాగి, చట్రానికి నిలువుగా అంటించి, నడిమి చుక్కకు చెరో పక్క, ఆ చిన్న చుక్కల మీదికి జరిపాను. రెండో పోచ చోటికి రాగానే, తెర మీద తెల్లటి నీడ కింది నుంచి పైదాకా ఒకేసారి ఆరిపోయింది. దానితో అన్న చెంప కూడా కొద్దిగా పలచబడింది, ఆ దారిన పోయే ముఖం వెలుగునూ పోచలు కొంత ఆపుతాయి మరి. తల అనుకున్న గుండ్రటి మచ్చ మాత్రం మిగిలింది. అది గోడ మీది నూనె మరక.

అన్న ఒక్కడే ఉన్నాడు.

వదిన ఏడవలేదు. "పెట్టు," అంది. పోచలు జరిపాను. నీడ వచ్చింది. "తియ్యి," అంది. పోయింది. మళ్లీ పెట్టించింది. మళ్లీ తీయించింది. చివరికి అడిగింది: "నువ్వు ఆపినవే, అయి మాత్రమే చూపెట్టొస్తదా? మిగిలినయన్ని ఆపి?"

పోచలు తీసేసి, రెండు బ్లేళ్ల అంచులు దగ్గరగా చేర్చి, నడిమి చుక్క, దాని జంట చుక్కలు పట్టేటంత సన్నటి అడ్డ చీలిక చేశాను. అలా చేస్తే బొమ్మలో నిలువుగా సాగే చారలే మిగులుతాయి, మిగతావన్నీ పైనుంచి కిందికి కలిసిపోతాయి.

తెర నిండా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెల్లటి పొడుగాటి ఆకారాలు వరసగా నిలబడ్డాయి. ముఖం లేదు, గోడ లేదు, కిటికీ లేదు. ఫోటోలో వెలుతురు పడ్డ గోడ ముందున్న ఒక్కటే కంటికి ఆనింది. మిగతావి చీకట్లో ముందు నుంచీ ఉన్నాయి.

లేజర్ పెట్టెలో ఫ్యాన్ గుయ్యిమంటోంది.

"ఇండ్ల మీ అన్న ఏడి?" అంది వదిన.

వాటి మధ్య మిగతావాటి కన్నా కొంచెం వెడల్పుగా, అంచులు కరిగిన ఒక చార. వేలు పెట్టి చూపించాను.

"ఆళ్లల్ల కలిసిండు," అంది. తర్వాత నావైపు చూడకుండానే, "ఒక్కత్తి గాదు మరిదీ. మస్తు మంది వచ్చిర్రు."

"వదినా, అవి జాలీ తీగల..."

"ఇన్న. లోపటి జాలీ కొట్టింది ఎవలనుకున్నవ్? పావురాలు లోపటికొస్తున్నయని ఆయిననే కొట్టిండు. నేనే మొలలు అందిచ్చిన. ఆయినె తెచ్చుకున్నడు ఆళ్లను."

వదిన చెప్పిందంతా నిజమే మరి.

హాల్లోకి ఏ బొమ్మ కావాలో కొడుకుకే వదిలేసింది. వాడు జాలీ, నీడ రెండూ లేనిదే అచ్చు వేయించుకున్నాడు. ఈ చారల బొమ్మను కూడా తీసి ఇవ్వనా అని అడిగితే వదిన వద్దంది.

"కాయితం మీద వద్దు. జరసేపు గిట్లనే ఉండనియ్యి."

ఉండనిచ్చాను. ఆమె కుర్చీని తెర దగ్గరికి లాక్కుంది. మా వాడు లైటు వేద్దామని స్విచ్ మీద చెయ్యి పెట్టి, తల్లి పెదవులు కదలడం చూసి తీసేశాడు. ఆమె మాట్లాడుతున్నది మాతో కాదు.

"తెల్లారేదాంక ఉండిర్రా?" అని అడుగుతోంది.