చేతికందని ఇరవై ఆరు రూపాయలు

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో మా ఇంటాయన పావగడలో వేరుశెనగ మిల్లు మేనేజరు. నెలకు నూట డెబ్భై రూపాయలు. పావగడ ఉన్న మైసూరు మహారాజు సీమలో ఆ జీతం మీద పన్ను చెప్పుకోదగ్గంత ఉండేది కాదు. తెచ్చినదంతా చేటలో పోసి దేవుడి గూటి ముందు పెట్టేవాడు. నేను లెక్క పెట్టాకే ఎవరైనా తాకాలి.

ఆ మిల్లు యజమాని షావుకారుకే సరిహద్దు అవతల మడకశిరలో ఇంకో మిల్లు ఉండేది. అది ఇంగ్లీషువాళ్ళ సీమ. పది రూపాయలు పెంచి ఆయన్ను అక్కడికి పంపారు. వారమంతా అక్కడే, ఆదివారం ఇంటికి.

మొదటి నెల చేటలో నూట అరవై ఐదే ఉన్నాయి. రెండుసార్లు లెక్క పెట్టాను.

"పది పెరిగింది అన్నావు. అయిదు తగ్గిందేంది?"

"ఏవో కోతలు" అని లేచి వెళ్ళి ఎద్దులకు మేత వేయసాగాడు. జీతంతో వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. నేను చదివింది కన్నడం మూడో తరగతి. ఆ కాగితం మీద తడబడకుండా చదవగలిగింది అంకెలే. మూడు చోట్ల అంకెలున్నాయి కానీ అవి ఏమిటో తెలియదు.

రెండో నెలా అంతే. మా ఆడబిడ్డ చూసి నవ్వింది. "వదినా, మా అన్న మడకశిరలో ఇంకో పొయ్యి రాజేసినాడేమో, చూసుకో."

ఆమె ఎగతాళికే అంది. నేను మాత్రం నిజమేనేమో అనుకున్నాను. ఆయన నిద్రపోతే చొక్కా జేబులు వెతికేదాన్ని. బీడీ ముక్క, బస్సు టిక్కెట్టు తప్ప ఏమీ దొరకలేదు. దొరకకపోవడం ఇంకా భయం. ముగ్గురు పిల్లలు. ఆయన ఇంకో ఇల్లు పెట్టుకుంటే ఆ చేటలోకి ఏమొస్తుంది?

మూడో నెల ఒక సోమవారం ఆయన వెళ్ళిన తరువాత, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సులో నేనూ మడకశిర వెళ్ళాను. ఆయన ఉండే గది వెతకలేదు. నేరుగా మిల్లులో షావుకారు గద్దె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. షావుకారు ముసలివాడు, నోటినిండా వక్కపలుకులు.

"ఏందమ్మా, ఈడికొచ్చినావు? పిల్లోళ్ళు బాగుండారా?"

"మా ఇంటాయన జీతమెంత సామీ?"

ఆయన ముఖం మారింది. "ఎందుకడుగుతావు? ఇంకో మిల్లువాళ్ళు ఎక్కువిస్తామన్నారా?"

అప్పుడు తెలిసింది నేనెంత తప్పు చేశానో. మా ఇంటాయన ఉద్యోగం వదలాలనుకుంటున్నాడని షావుకారు అనుమానిస్తున్నాడు. వెంటనే అన్నాను, "అట్లా కాదు. చేతికి నూట అరవై ఐదే వస్తాండాది."

షావుకారు వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టాడు. "నూట ఎనభై జీతం. దాన్లో ఈ సర్కారు పన్ను మూడు రూపాయల పన్నెండణాలు. మేమే పట్టుకుని కట్టేస్తాము, నీ మొగుడి చేతికే రాదు. రూపాయికో అణా ఫండుకు, అంటే నీ మొగుడి పేరు మీద దాపెట్టే సొమ్ముకు పోతాది, అది పదకొండు రూపాయల నాలుగణాలు. అంతే సొమ్ము నేనూ నా పెట్టెలోంచి వెయ్యల్ల. పావగడలో ఫండు లేదు గదా. నాకు నీ మొగుడి మీద నూటతొంభై ఒకటీ నాలుగణాలు ఖర్చయితాది. నీకు నూట అరవై ఐదు కనబడతాది. నడిమధ్య ఇరవై ఆరూ పావలా. అది నా దగ్గరా లేదు, నీ దగ్గరా లేదు."

"ఒకే మనిషి, ఒకే పని. పావగడలో లేని కోత ఈడ ఎందుకు?"

"ఇంగ్లీషువాళ్ళకు యుద్ధం ఖర్చు, జీతగాడి మీద పడతారు. మహారాజుకు బంగారు గనులుండాయి, గంధముండాది, కరెంటుండాది. ఆ రాబడి ఉంటే నీ మొగుడి జేబు అంత తడమాల్సిన పనిలేదు. ఆడా పన్నుండాది, కాకుంటే మెత్తంగా. ఫండు సంగతి సర్కారుది కాదు, మా మిల్లు కట్టుబాటు. పన్ను పోయిందంటే పోయిందే. ఫండు తిరిగొస్తాది."

"ఎప్పుడు?"

"అయిదేండ్లు నిలబడితే నా వాటా, ఆయన వాటా రెండూ. ముందే పోతే ఆయనదే."

ఆయన్ను పావగడకే పంపమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే చేతికి అయిదు రూపాయలు ఎక్కువ వస్తాయి. కాని షావుకారు వేసే వాటా పోతుంది, ఆయనకున్న అనుమానానికి ఉద్యోగమే ఊడొచ్చు.

ఇంతలో మా ఇంటాయన వచ్చాడు. నన్ను చూసి తలుపు దగ్గరే ఆగిపోయాడు. షావుకారు అన్నాడు, "మేనేజరప్పా, మీ ఇంట్లోవాళ్ళు లెక్క అడగడానికి వచ్చినారు. నువ్వు పోతావా, ఉంటావా?"

ఆయన నావైపు చూశాడు.

"ఉంటాడు సామీ" అన్నాను.

బస్సు దాకా వచ్చి ఆయన ఒకే మాట అడిగాడు. "ఏమే, నన్ను పట్టుకోవడానికి వచ్చినావా?"

అవునన్నాను. ఆయన నవ్వలేదు, తిట్టనూలేదు. "ఎక్కువ జీతమని గొప్పగా చెప్పి తక్కువ తెచ్చినా. ఏ మొగంతో చెప్పేది?" అన్నాడు.

అయిదేండ్లూ అక్కడే ఉన్నాడు. ప్రతి నెలా ఆ కాగితంలో ఏ అంకె పన్నో, ఏది ఫండో నాకు చదివి చెప్పేవాడు. షావుకారు పావగడ వైపు వస్తున్నాడని వింటే మాత్రం, ఆ రోజు నేను అడిగిన మాటకు ఇప్పుడు మా ఇంటాయన్ను పనిలోంచి తీసేస్తానంటాడేమోనని, నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేదాన్ని.